38 నొక్కేసింది, 39 జారిపోయింది: మొనదేలిన హీల్స్ కొన్న నా అనుభవం

మాది విజయనగరం. విశాఖలో ఒక హోటల్ ఫ్రంట్ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. చేరేముందు వాళ్లు పంపిన కాగితంలో చీర దగ్గర్నుంచి జడ వరకు అన్నీ రాసి ఉన్నాయి. చివర్లో ఒక లైను: నల్లటి షూ, ముందు మూసి, మొనదేలి ఉండాలి, హీల్ 2 నుంచి 3 అంగుళాల మధ్య ఉండాలి. మెడికల్ టెస్టు, పోలీస్ వెరిఫికేషన్, సర్టిఫికెట్లు అన్నీ ఇబ్బంది లేకుండా అయిపోయాయి. నన్ను ఏడిపించింది ఈ షూ ఒక్కటే. నాలాగే కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న ఆడపిల్లలకు పనికొస్తుందని రాస్తున్నాను.

నేను ఎప్పుడూ వేసుకునేది 38, అంటే యూకే లెక్కలో 5. కాన్వాస్ షూ అయినా, ఫ్లాట్స్ అయినా అదే సరిపోతుంది. ఆన్‌లైన్‌లో అదే సైజు తెప్పిస్తే వేళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కేశాయి. దాన్ని మార్చి 39 సైజు తెప్పించాను. మార్చడానికి కష్టపడలేదు గానీ, ఆ 39 ఇంకా విచిత్రంగా ఉంది. మడమ వెనక వేలు పట్టేంత ఖాళీ, అడుగు వేస్తే షూ ఊడిపోతోంది. అయినా ముందు వేళ్లు నొప్పే. పెద్ద సైజులో కూడా వేళ్లు ఎందుకు నొక్కుకుంటాయో నాకు అర్థం కాలేదు. వాపసు పెట్టి, కళ్లతో చూసి కొనుక్కుందామని ఊళ్లో దుకాణానికి వెళ్లాను.

దుకాణం పేరు రాయను. శనివారం సాయంత్రం, లోపల జనం. సేల్స్‌మన్ నా పాదం చూసి, కౌంటర్ దగ్గరున్న అతనికి వినబడేలా, "ఇదేటి, పాదం ఇంత వెడల్పుంది? చెప్పుల్లేకుండా తిరిగినోళ్ల కాళ్లు ఇలాగే పరుచుకుపోతాయి" అన్నాడు. పక్కన కూర్చున్న ఇద్దరు నవ్వారు. వాళ్లలో ఒకావిడ తన కూతురి కాళ్లు సన్నగా ఉంటాయని చెప్పడం మొదలుపెట్టింది. మా అమ్మ నా పక్కనే ఉంది. ఆమె ముఖం చూసి నాకు కళ్లనీళ్లు తిరిగాయి. మా అమ్మ పొలంలో వట్టికాళ్లతో పనిచేసింది, నిజమే. ఆ కాళ్లే నన్ను డిగ్రీ దాకా చదివించాయి. కాళ్ల గురించి ఎవరైనా అలా మాట్లాడితే నేను ఊరుకోను. "మీ దగ్గర వెడల్పు షూ ఉంటే చూపించండి, లేకపోతే లేదని చెప్పండి" అని గట్టిగానే అన్నాను.

అప్పుడతను 40 తెచ్చి, షూహార్న్ పెట్టి కాలు లోపలికి తోసి, "రెండ్రోజులు నడిస్తే సాగిపోద్దమ్మా" అన్నాడు. అది రెక్సిన్. రెక్సిన్ సాగదు. కాస్త సాగినా రాత్రికి మళ్లీ మొదటికొస్తుంది. లేచి నిలబడతానంటే కార్పెట్ మీద మాత్రమే నిలబడమన్నాడు, నేల మీద నడిస్తే అడుగున గీతలు పడతాయట. కూర్చుని కాలు పెడితే ఏ షూ అయినా బాగానే ఉన్నట్టుంటుంది. మన బరువు పడగానే పాదం కొద్దిగా పొడుగవుతుంది, వెడల్పూ అవుతుంది. అమ్మేవాడికి ఈ సంగతి తెలియకుండా ఎలా ఉంటుంది? కొనకుండా బయటికి వచ్చేశాం.

ఆ మాట పడ్డవాళ్లకు ఒక విషయం చెప్పాలి. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ దేశమంతా వేలమంది పాదాలు కొలిచింది. మన పాదాలు యూరప్, అమెరికా వాళ్ల పాదాల కంటే వెడల్పని తేలింది. మన దుకాణాల్లో ఉన్న సైజులు మాత్రం ఆ దేశాల కొలతలవే. అది పాదం తప్పు కాదు.

నాకు అసలు విషయం విప్పి చెప్పింది గంటస్తంభం దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన. వయసులో ఉండగా చెన్నై వైపు షూ ఫ్యాక్టరీలో చేశాడట. ఆయన ముందుగా టేపు తీసి నా కాళ్లు కొలిచాడు. నిలబెట్టి, సాయంత్రం పూట, రెండు కాళ్లూ. ఎడమ పాదం 24 సెంటీమీటర్లు, కుడిది అంతకంటే కొంచెం తక్కువ. "పెద్ద కాలికే లెక్క తల్లీ" అన్నాడు.

షూ సైజు పాదం పొడవు కాదని ఆయన దగ్గరే తెలిసింది. షూ కుట్టే అచ్చు పొడవును బట్టి ఆ అంకె వస్తుంది. 38 అంటే 38 ముక్కలు, ఒక్కో ముక్క సెంటీమీటరులో మూడింట రెండు వంతులు. అంటే అచ్చు 25.3 సెంటీమీటర్లు. నా 24 సెంటీమీటర్ల పాదానికి ముందు 1.3 సెంటీమీటర్లు ఖాళీ. గుండ్రటి ముందుభాగం ఉన్న షూలో అది చక్కగా సరిపోతుంది, అందుకే అక్కడ నాది 38.

మొనదేలిన షూలో లెక్క వేరు. మొనలో వేళ్లు పట్టవు, అది ఉత్త ఖాళీ. మంచి తయారీదారులు ఆ మొనను అచ్చుకి అదనంగా కలుపుతారు, సైజు అంకె మాత్రం 38గానే ఉంచుతారు. అలాంటి షూ లోపల మడమ నుంచి మొన దాకా 27, 27.5 సెంటీమీటర్లు ఉంటుంది. డబ్బు మిగుల్చుకోవాలనో, బొమ్మలో చిన్నగా కనిపించాలనో కొందరు ఆ మొనను కూడా 25 సెంటీమీటర్లలోనే ఇరికిస్తారు. అప్పుడు ఖాళీగా ఉండాల్సిన చోటికి మన వేళ్లు వెళ్లాలి. నేను మార్చేసిన మొదటి జత లోపల కొలిచినప్పుడు ఇన్‌సోల్ వెంట 25.5 వచ్చింది. ఆ అంకె చెప్పగానే పెద్దాయన తల ఊపాడు. కొనేముందు మెత్తటి టేపు ఇన్‌సోల్ మీద ఆనించి, వంపు వెంట కొలవండి. మీ గుండ్రటి షూ కంటే ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు ఎక్కువ లేకపోతే ఆ షూ అక్కడే వదిలేయండి.

మరి 39 ఎందుకు పనికిరాలేదు? ఒక సైజు పెంచితే పొడవు దాదాపు 6.7 మిల్లీమీటర్లు పెరుగుతుంది. వెడల్పు మాత్రం 2 మిల్లీమీటర్లు కూడా పెరగదు. నాకు కావలసింది వెడల్పు, వచ్చింది పొడవు. ఆ పొడవంతా మడమ వెనక ఖాళీగా తేలింది.

ఇక్కడే హీల్ ఎత్తు సంగతి వస్తుంది. నేల మీద నిలబడితే బరువులో పెద్ద వాటా మడమదే. హీల్ ఎక్కేకొద్దీ ఆ బరువు ముందుకు జరుగుతుంది, పాదం కూడా జారుడుబల్ల మీద ఉన్నట్టు ముందుకు పోతుంది. దాన్ని ఆపాల్సింది షూ పైభాగం, పాదం పైన గట్టిగా పట్టుకుని. షూ ఒక సైజు పెద్దదైతే ఆ పట్టు వదులవుతుంది. పాదం ఇంకా జారి, వేళ్లు నేరుగా మొనలో గుద్దుకుంటాయి, వెనక ఖాళీ వస్తుంది. నా 39లో జరిగింది ఇదే. హీల్ 3 అంగుళాలు.

అందుకని ఎత్తును బట్టి సైజు మారుతుంది. అంగుళం, అంగుళంన్నర హీల్ ఉన్న మొనదేలిన షూ అయితే జారడం తక్కువ, అర సైజు పెంచుకోవచ్చు. 2 అంగుళాల దగ్గర మీ సైజే తీసుకోండి, కానీ మొన పొడుగ్గా, వెడల్పుగా ఉన్నది వెతకండి. 3 అంగుళాలు దాటితే పొడవు అస్సలు పెంచకండి. అంత ఎత్తులో కొందరు అర సైజు తగ్గించుకోమంటారు. అది ముందు గుండ్రంగా ఉన్న షూకి పనికొస్తుంది, మొనదేలినదానిలో వేళ్లకు చోటు మిగలదు. ముందు అట్ట మందంగా ఉంటే ఆ మందం హీల్ ఎత్తులోంచి తీసేయండి. 3 అంగుళాల హీల్, ముందు అర అంగుళం అట్ట అయితే కాలికి తెలిసే వాలు రెండున్నరే. మన దుకాణాల్లో అర సైజులు దొరకడం కష్టం. అలాంటప్పుడు పెద్ద సైజు తీసుకుని సర్దుకునే కంటే, హీల్ తగ్గించుకుని అసలు సైజులో కొనుక్కోవడం మేలు.

వదులైన షూకి మడమ వెనక స్పాంజి అంటించమని చాలామంది చెబుతారు. మొనదేలిన షూలో ఆ పని చేయకండి. ఆ స్పాంజి పాదాన్ని ఇంకో రెండు మూడు మిల్లీమీటర్లు ముందుకు తోస్తుంది, వేళ్లు ఇంకా ఇరుక్కుంటాయి. బొటనవేలి మొదట్లో ఉండే బుడిపె కింద పలచటి మెత్త పెడితే జారడం తగ్గుతుంది. అది కూడా షూలో చోటు ఉంటేనే. ఇంకో గుర్తు: ఆ బుడిపె షూలో అన్నిటికంటే వెడల్పైన చోట ఉండాలి. దానికి ముందుకు పోయిందంటే వేళ్లు సన్నటి చోటికి చేరాయన్నమాట. వేళ్లు తిమ్మిరెక్కితే, ముఖ్యంగా మూడో, నాలుగో వేళ్ల మధ్య మంట మొదలైతే, ఆ జత మళ్లీ వేసుకోకండి.

చివరికి నేను తీసుకుంది 38. నిజమైన తోలు, హీల్ రెండుంపావు అంగుళాలు, లోపల కొలిస్తే 27.2 సెంటీమీటర్లు, పాదం మీదుగా ఒక సన్నటి పట్టీ. పట్టీ ఉండొచ్చా అని హోటల్ వాళ్లను ముందే అడిగాను, నల్లగా ఉంటే పర్లేదన్నారు. భయపడకుండా అడగండి, కాగితంలో రాసినవన్నీ మార్చలేనివి కావు. జారకుండా పట్టుకోవడం పట్టీ చూసుకుంటుంది కాబట్టి ముందుభాగం బిగుతుగా ఉండాల్సిన పని లేదు. ఎడమ షూని పెద్దాయన పక్కలకు సాగదీసే యంత్రంలో ఒక రాత్రి ఉంచాడు. తోలు కాబట్టి వెడల్పు కొద్దిగా వచ్చింది. పొడవును మాత్రం యంత్రంతో పెద్దగా సాగదీయలేమని ఆయనే చెప్పాడు.

డ్యూటీలో ఎనిమిది గంటలు నిలబడాలి కదా, మధ్యాహ్నానికి పాదాలు ఉబ్బుతాయి. అందుకని పట్టీకి ఇంకో రంధ్రం పొడిపించుకున్నాను. పొద్దున లోపలి రంధ్రానికి, భోజనం తర్వాత బయటి రంధ్రానికి పెట్టుకుంటున్నాను.