మూడు గంటల గడిలో సంతకం

మా రొయ్యల ఫ్యాక్టరీలో పొద్దున రాత్రి షిఫ్ట్ రిజిస్టర్లు చూస్తుంటే మెటల్ డిటెక్టర్ పేజీ దగ్గర ఆగిపోయాను. గంటకోసారి మూడు టెస్ట్ పీసులు బెల్టు మీద పెట్టి పంపాలి. ఒకటి ఇనుము, ఒకటి ఇనుము కానిది, ఒకటి స్టెయిన్‌లెస్ స్టీల్. మూడింటినీ మెషీన్ పట్టుకుని పక్కకి నెట్టాలి. అంటే పరీక్ష జరిగిన ప్రతిసారీ తెర మీద రిజెక్ట్ అంకె కనీసం మూడు పెరుగుతుంది. ప్యాకింగ్ ఆపరేటర్ ఆ అంకెని గంటగంటకీ తన కాగితంలో వేరుగా రాసుకుంటాడు. నాణ్యత చూసే మా క్యూసీ విభాగం రిజిస్టర్లో రెండు, మూడు, నాలుగు గంటలకి పరీక్ష పాసైనట్టు సంతకాలున్నాయి. ఆపరేటర్ కాగితంలో మాత్రం ఒంటి గంట నుంచి నాలుగు దాకా అంకె కదల్లేదు. ఐదు గంటలకి మూడు పెరిగింది.

ఐదు గంటల పరీక్ష పాసైంది కాబట్టి మధ్యలో వెళ్ళిన సరుకు బాగానే ఉండి ఉంటుందని ప్రొడక్షన్ వాళ్ళు వాదించారు. లెక్క ప్రకారం నిజమే. కానీ వరసగా మూడు రాతలు అబద్ధమైన పేజీలో నాలుగో రాతని నేనెలా నమ్మాలి? ఒంటి గంట నుంచి ఐదు దాకా ప్యాక్ అయిన రొయ్యలు దాదాపు రెండు టన్నులు, అంటే పది కిలోల కార్టన్లు రెండొందలు. అన్నీ హోల్డ్‌లో పెట్టించి మళ్ళీ డిటెక్టర్ గుండా పంపమన్నాను. స్టోర్లో ఉన్నంతసేపూ సరుకు మైనస్ పద్దెనిమిది దగ్గర ఉండాలి కాబట్టి కొంచెం కొంచెంగా బయటికి తెచ్చి, పని కాగానే లోపలికి పెట్టాలి. మధ్యాహ్నం దాకా నలుగురు మనుషులు దానికే సరిపోయారు. ఏమీ దొరకలేదు.

సంతకం పెట్టిన కుర్రాడి పేరు ఇక్కడ కూడా రాయను. మంచి చెకరు. చెరువు మీద నుంచి వచ్చిన వెనామీ రొయ్యని చేత్తో పట్టుకుని కిలోకి ముప్పై కౌంటా, నలభై కౌంటా అని తూకం వేయకముందే చెప్పేస్తాడు. రెండు నెలలుగా మాత్రం ఆలస్యాలు, మర్చిపోవడాలు. తోటివాళ్ళు అతని గడులు తామే నింపుతున్నారని నాకు అనుమానం.

ఆఫీసు గదిలో తలుపు వేసి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాను. "ఏమైంది, బాగున్నావా" అని మొదలుపెడితే "బాగానే ఉన్నానండి" అంటాడు, అంతటితో అయిపోతుంది. అందుకే ముందు అంకెలు చూపించి, "ఇవి రెండూ ఎందుకు కలవట్లేదు?" అని మాత్రమే అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. భార్యకి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు. మెడ దగ్గర గొట్టం పెట్టి చేస్తున్నారు. ఇతను పొద్దున ఆరింటికి షిఫ్ట్ దిగి, బండి మీద ఆవిణ్ణి భీమవరం తీసుకెళ్ళి, అక్కడి బెంచీ మీద కూర్చుని మధ్యాహ్నానికి ఇంటికొస్తున్నాడు. పాపకి నాలుగేళ్ళు. మళ్ళీ రాత్రి పదింటికి ఇక్కడ.

"నిలబడే నిద్రపోయానండి మేడం. లేచేసరికి నాలుగున్నర. ఖాళీగా వదిలేస్తే ఉద్యోగం పోద్దని నింపేశాను."

పరీక్ష తప్పిపోవడం వేరు, చేయని పరీక్షని చేసినట్టు రాయడం వేరు. మొదటిది నిద్ర చేసిన పని. రెండోది అతను చేసింది. దానికి మెమో ఇస్తానని ముందే చెప్పేశాను. ఇంట్లో కష్టముందని దాన్ని మాఫీ చేస్తే, రేపు ఇంకొకరు ఖాళీ గడి నింపినప్పుడు నోరెత్తలేను. గడి ఖాళీగా ఉంటే సరుకు ఆపి చూసుకుంటాం, అబద్ధం రాస్తే ఆపాలని కూడా మాకు తెలీదని చెప్పాను. తల ఊపాడు. మెమో అంటే టెన్షన్ పడతాడనుకున్నాను కానీ, ఉద్యోగం ఉంటుందని అర్థమయ్యాక మొహం కాస్త తేరుకుంది.

ఆ తర్వాత ఏర్పాటు సంగతి. డయాలసిస్ సోమ, బుధ, శుక్రవారాల్లో పొద్దున. కాబట్టి రాత్రి షిఫ్ట్ తీసేసి, మధ్యాహ్నం రెండు నుంచి పది దాకా వేశాను. మెటల్ డిటెక్టర్ దగ్గర ప్రస్తుతానికి ఉండడు. సరుకు దిగే చోట కౌంటు చూస్తాడు, అక్కడ ఎలాగూ ఇద్దరుంటారు. జీతంలో మార్పు లేదు. సెలవు పెట్టి ఇంట్లో ఉండనా అని అతనే అడిగాడు. ఇరవై రోజులు పనిచేస్తే ఒక రోజు వచ్చే లెక్కన అతనికి మిగిలినవి పదకొండు. వాటిని ఇప్పుడే వాడేయొద్దన్నాను. మెడ గొట్టం బదులు చేతి నుంచే డయాలసిస్ చేసేలా ఫిస్టులా ఆపరేషన్ చేయాలని డాక్టర్లు చెప్పారట, అప్పుడు పనికొస్తాయి. ఆపరేషన్ అయ్యాక ఆ నరం సూదికి తయారవడానికి ఇంకొన్ని వారాలు పడుతుంది.

డబ్బు సంగతి అడిగితే బయట ఆసుపత్రిలో సొంతంగా కడుతున్నాడని తెలిసింది. జీతం ఇరవై ఒక్క వేల లోపే, ఈఎస్ఐ ప్రతి నెలా కోస్తూనే ఉన్నాం, మరి ఇదేంటి? మా హెచ్ఆర్ అమ్మాయి చూస్తే, చేరినప్పుడు పెళ్ళి కాలేదు, కుటుంబ వివరాల్లో భార్య పేరే ఎక్కలేదు. ఆధార్ తెప్పించి ఈ రోజే ఎక్కించమన్నాను. డిస్పెన్సరీకి వెళ్ళి రిఫరల్ రాయించుకోవాలి. ఈఎస్ఐలో జబ్బు సెలవుకి డబ్బులిచ్చేది కార్మికుడికి బాగోకపోతేనే, ఇంట్లోవాళ్ళని చూసుకోడానికి కాదు. ఆ మాట కూడా చెప్పేశాను, లేకపోతే దాని మీద ఆశ పెట్టుకుంటాడు.

సాయంత్రం మిగతా ముగ్గురు చెకర్లని పిలిచాను. ఏం చెప్పమంటావని అతన్ని ముందే అడిగితే, "ఇంట్లో బాలేదని చెప్పండి చాలండి" అన్నాడు. అంతే చెప్పాను. అందరికన్నా పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్నాళ్ళండి?" నాకది సబబైన ప్రశ్నే అనిపించింది. వచ్చే నెలాఖరు దాకా, ఈలోపు రెండు వారాలకోసారి కూర్చుని చూద్దామన్నాను. అతని రాత్రులు ముగ్గురూ వంతులేసుకోవాలి, షిఫ్ట్ దాటి చేసిన గంటలకి రెట్టింపు కూలి, నెలంతటి రోస్టర్ ఇప్పుడే గోడకి అంటిస్తాను, ఎవరి వారపు సెలవూ చివరి నిమిషంలో రద్దు కాదు. "మాకొస్తే మాకూ ఇంతేనా?" అంది మూడో ఆమె. ఇంతేనన్నాను. అతని బదులు గడులు నింపడం మాత్రం ఈ రోజుతో ఆగాలన్నాను. ముగ్గురూ నేల చూశారు, అంటే నా అనుమానం నిజమే.

బయటికొస్తుంటే పీలింగ్ సెక్షన్‌లో ఒకావిడ గ్లవ్స్ విప్పుతూ, "అమ్మా, మా ఆయన మంచాన పడ్డప్పుడు రానన్ని రోజులూ కూలి కోసేశారు కదా" అంది. కోపంగా కాదు, మామూలుగానే. వీళ్ళు కాంట్రాక్టర్ మనుషులు, రోజు లెక్క. రాని రోజుకి కూలి ఇప్పించే అధికారం నాకు లేదు, ఆ మాటే చెప్పాను. కానీ షిఫ్ట్ మార్చడానికీ, పది రోజులు రాకపోయినా వచ్చాక అదే బల్ల దగ్గర పని ఉండేలా చూడ్డానికీ డబ్బేమీ ఖర్చవదు. కాంట్రాక్టర్ రేపు బిల్లు సంతకానికి వస్తాడు. ఈ రెండూ కాగితం మీద రాసిచ్చాకే సంతకం పెడతాను.