యాభై ఒకటో అమ్మమ్మ

రాత్రి కుకీలు పోగేసే ఆట కుకీ క్లిక్కర్‌లో, కుకీలు చేసిపెట్టే యాభై ఒకటో అమ్మమ్మను కొనబోయి ఆగిపోయాను. మొదటి అమ్మమ్మ ధర 100 కుకీలు. ఒక్కో అమ్మమ్మ సెకనుకు ఒక కుకీ చేస్తుంది కాబట్టి పెట్టుబడి 100 సెకన్లలో తిరిగొచ్చేసింది. కానీ కొన్న ప్రతిసారీ ధర 1.15 రెట్లవుతుంది, అంటే ప్రతి ఐదు కొనుగోళ్లకు దాదాపు రెట్టింపు. యాభై ఒకటో ఆవిడ ధర సుమారు 1,08,000! అప్‌గ్రేడ్‌లు లేకపోతే ఆమె చేసేది ఇప్పటికీ సెకనుకు ఒకటే. డబ్బులు రాబట్టుకోవడానికి 30 గంటలు.

ధర గుణిస్తూ పోతుంటే రాబడి కూడుతూ పోతుంది. అందుకే ఎదురుచూపు ఎప్పుడూ తప్పదు. మొదట్లో నిమిషానికోసారి చూసిన ఆటను తర్వాత పొద్దున, రాత్రి తెరుస్తాం. గంటలు గడిచేకొద్దీ ఆ గ్యాప్ మరీ పెద్దదై, ఆట మర్చిపోయే స్థితి వస్తుంది.

సరిగ్గా అక్కడే రీసెట్ ఆశ చూపిస్తుంది. అన్నీ వదిలేసి మళ్లీ మొదలుపెడితే, ఇప్పటిదాకా చేసిన మొత్తం కుకీల లెక్కన, తర్వాతి ఆటలో ఉత్పత్తిని పెంచే ప్రెస్టీజ్ లెవెల్స్ ఇస్తారు. లక్ష కోట్లకు ఒకటి, వెయ్యి లక్షల కోట్లకు పది. ఘనమూలం లెక్క కాబట్టి లెవెల్స్ రెట్టింపు కావాలంటే ఎనిమిది రెట్లు కుకీలు కావాలి. అంటే ఈ ఎదురుచూపుల గోడ మాయమవదు, కాస్త దూరం జరుగుతుంది.

ఇంత లెక్క వేసి కూడా రీసెట్ నొక్కాను. మొదటి అమ్మమ్మ మళ్లీ 100కే దొరికింది, భలే సంతోషమేసింది లెండి.