మా బావ పీజీ రేట్లు, నా ప్రాజెక్టు ఫోల్డరు

బెంగళూరు మారతహళ్ళిలో మా బావకి పీజీ హాస్టల్ ఉంది. ఉండేవాళ్ళలో సగానికి పైగా మనవాళ్ళే, మిగతావాళ్ళు హిందీ, కన్నడ. రూము ఖాళీ ఉందా, అడ్వాన్సు ఎప్పుడు తిరిగిస్తారు అంటూ రోజూ మెసేజీలు. జవాబులు రాసే పని నా నెత్తిన పడింది. ఆఫీసు నుంచి వచ్చాక ఏఐ చాట్ టూల్లో రాయించి పంపేవాణ్ణి, కానీ ప్రతిసారీ కొత్త చాట్ తెరిచి రేట్లు, రూల్సు మళ్ళీ అతికించలేక విసుగొచ్చి ఆ టూల్లోనే ఈ చాట్లన్నిటికీ ఒక ప్రాజెక్టు ఫోల్డరు పెట్టుకున్నా.

పది నిమిషాల పని. అడిగిన భాషలోనే జవాబు ఉండాలి, నాలుగు లైన్లు దాటకూడదు అని ఇన్‌స్ట్రక్షన్లలో రాశా. రేట్ల పట్టిక, హాస్టల్ రూల్సు ఫైళ్ళుగా ఎక్కించా. ఇక ఆ ఫోల్డర్లో ఏ చాట్ తెరిచినా అవి మళ్ళీ చెప్పక్కర్లేదు.

మొదటి దెబ్బ రెండో వారంలోనే తగిలింది. నోటీసు ఇవ్వకుండా వెళ్ళేవాళ్ళకి ఇకమీద నెల అద్దె కాదు, 15 రోజులదే కోద్దాం అన్నాడు బావ. ఆదివారం ఒక చాట్లో అది టైపు చేశా. బుధవారం ఇంకో చాట్లో, ఖాళీ చేస్తున్న కుర్రాడికి జవాబు రాయిస్తే నెల అద్దె పోతుందని వచ్చింది, నేను చూసుకోకుండా పంపేశా, సాయంత్రం వాడు బావతో గొడవ. ఫోల్డరు ఒకటే కదా, అన్నీ కలిసే ఉంటాయనుకున్నా. నేను వాడేదాంట్లో అన్ని చాట్లకీ అందేవి ఇన్‌స్ట్రక్షన్లు, ఫైళ్ళు మాత్రమే, ఒక చాట్లో చెప్పిన మాట పక్క చాట్‌కి తెలీదు. పాత చాట్లు గుర్తుపెట్టుకునే టూల్సూ ఉన్నాయి గానీ, డబ్బు లెక్కకి దాన్ని నమ్ముకుని కూర్చోలేం. రూలు మారితే రూల్సు ఫైల్లోనే మార్చాలి.

అది కూడా లాప్‌టాప్‌లో మారిస్తే చాలదు. ఎక్కించింది కాపీ, పాతది తీసేసి మళ్ళీ ఎక్కించాలి. నేను సగమే చేశా. ఏప్రిల్‌లో డబుల్ షేరింగ్ 9,000 నుంచి 9,500 అయితే కొత్త పట్టిక ఎక్కించి పాతదాన్ని అక్కడే వదిలేశా. ఒకే రోజు ఒకడికి 9,000 అనీ ఇంకొకడికి 9,500 అనీ వెళ్ళింది, ఇద్దరూ ఒకే ఆఫీసు, ఇంకేముంది. ప్రతి అంకె పక్కన అది ఏ ఫైల్లోంచి వచ్చిందో రాయాలని ఇన్‌స్ట్రక్షన్లలో ఒక వాక్యం కలిపా. పంపేముందు అది నేను చెరిపేస్తా. మర్నాడే `rates_old.pdf` అని కనిపించింది. అప్పుడు గానీ తీయలేదు.

ఇప్పుడు అందరి ఆధార్ కాపీలు కూడా ఇందులోనే పడేయమంటున్నాడు బావ. ఈ ఫోల్డరు మేనేజరుతో షేర్ చేశాం, ఫైళ్ళన్నీ అతనికీ కనిపిస్తాయి. కుదరదన్నా. అవి ఆఫీసు రూములో బీరువాలోనే ఉన్నాయి.