ముక్కు కింద తేనె రంగు పక్కు

జూన్‌లో బడులు తెరిచిన రెండో వారం మా చిన్నోడికి జలుబు చేసింది. వాడికి నాలుగేళ్ళు. ముక్కు కారితే చొక్కా చేతికి తుడుచుకోవడమే తెలుసు. చెన్నై ఉక్క, చెమట, దాని మీద రోజంతా ఈ తుడుపు. మూడో రోజుకి ముక్కు కింద చర్మం ఒరుసుకుపోయి ఎర్రబడింది. జలుబు తగ్గింది కానీ ఎరుపు పోలేదు. రాత్రి పడుకునేటప్పుడు కుడి ముక్కుపుటం అంచున ఆవగింజంత నీటిపొక్కు కనిపించింది. పొద్దున లేచేసరికి పొక్కు చితికిపోయి, దాని చోట పసుపుపచ్చగా ఏదో అంటుకుని ఉంది.

బెల్లం పాకం పొయ్యి గట్టు మీద చుక్క పడి ఆరిపోతే ఎలా ఉంటుందో, అచ్చం అలాగే ఉంది. నిజంగానే ఏదో తిని మూతి తుడుచుకోలేదనుకున్నాను. తడిగుడ్డతో తుడిస్తే ఊడి వచ్చింది. కింద చర్మం ఎర్రగా, తడిగా, మెరుస్తూ ఉంది. సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి అదే రంగు, అదే పక్కు మళ్ళీ కట్టింది, ఈసారి ఇంకొంచెం వెడల్పుగా. ఇప్పుడు ఆలోచిస్తే నాకు తెలియాల్సిందంతా ఆ ఒక్క రోజులోనే కనిపించింది. మామూలు గీత గాయం పక్కు కడితే నల్లబడి, గట్టిపడి, రోజురోజుకీ చిన్నదవుతుంది. ఇది ఊడిన చోట రసి ఊరుతూ, పూట పూటకీ పెరుగుతోంది.

కానీ జ్వరం లేదు. నొప్పి అనడు. కాస్త దురద, అంతే. అన్నం తింటున్నాడు, ఆడుకుంటున్నాడు. అందుకే నాకు టెన్షన్ రాలేదు. నెల్లూరు నుంచి వచ్చిన మా అత్తయ్య చూసి "ఇది సర్పి అమ్మాయ్, జాజు పూద్దాం" అన్నారు. ఎదురింటి పాట్టి "అక్కి" అంది, కుమ్మరి దగ్గర కావిమన్నుతో అక్కి రాయించమంది. పేరు వేరైనా ఇద్దరూ అన్నది ఒకటే. నేను ఆ రెండూ కాకుండా సందు చివర మెడికల్ షాపుకి వెళ్ళి, ఫోన్‌లో ఫొటో చూపించి ఒక ట్యూబు తెచ్చాను. దురదకి, తామరకి, పుండ్లకి అన్నింటికీ పనిచేస్తుందన్నారు.

రాసిన రెండు రోజులు నిజంగానే ఎరుపు తగ్గింది. హమ్మయ్య అనుకున్నాను. నాలుగో రోజు పొద్దున పెదవి మూలన ఒకటి, గడ్డం మీద రెండు, చెవి వెనక ఒకటి, మోచేతి దగ్గర ఇంకొకటి. దవడ కింద తడిమితే శనగగింజంత బిళ్ళ తగిలింది. ఆ రాత్రే మా ఏడేళ్ళ అమ్మాయి "అమ్మా, నాకూ వచ్చింది" అని గడ్డం చూపించింది. ఇద్దరూ ఒకే తువ్వాలుతో మొహం తుడుచుకుంటారు, ఒకే దిండు మీద పడుకుంటారు.

పిల్లల డాక్టరమ్మ దూరం నుంచి చూసే "ఇంపెటిగో" అన్నారు. తర్వాత నేను తీసుకెళ్ళిన ట్యూబు మీద సన్నటి అక్షరాలు చదివారు. అందులో ఫంగస్ మందు, కొంచెం యాంటీబయాటిక్, వాటితో పాటు గట్టి స్టెరాయిడ్ ఉన్నాయి. "స్టెరాయిడ్ ఎరుపునీ దురదనీ అణుస్తుందమ్మా. అక్కడ చర్మం పోట్లాడే శక్తినీ అణుస్తుంది. పైకి తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల క్రిములకి దారి దొరుకుతుంది" అన్నారు. ఆ మాట విన్నప్పుడు నా గుండె జారిపోయింది. రోజుకి మూడు పూటలా శ్రద్ధగా రాసింది నేనే.

ఇది సర్పి కాదని ఎలా తెలుస్తుందని అత్తయ్య అడిగారు. సర్పి అయితే చిన్న చిన్న నీటిపొక్కులు గుత్తిగా లేస్తాయి, మంట, నొప్పి ఎక్కువ ఉంటాయి. ఇది స్టాఫ్, స్ట్రెప్ అనే బాక్టీరియా చర్మం పైపొరలో చేరడం వల్ల వస్తుంది. ఒరుసుకుపోయిన చోటు, దోమ కుట్టి గోకిన చోటు దొరికితే చాలు. ఊరిన రసి ఆరి ఆ తేనె రంగు పక్కు అవుతుంది. పిల్లాడు ముక్కు గోకి, అదే గోటితో చెయ్యి గోకితే అక్కడ ఇంకొకటి మొలుస్తుంది.

"దానంతట అదే మానిపోదా?" అన్నారు అత్తయ్య. కొందరికి రెండు మూడు వారాల్లో మానుతుందట. ఈలోపు ఇంట్లో వాళ్ళకీ, బడిలో పిల్లలకీ అంటుకుంటుంది. కొందరిలో చర్మం లోపలి పొరల్లోకి దిగి వాపు, జ్వరం వస్తాయి. స్ట్రెప్ రకమైతే పుండు మానిన తర్వాత కూడా, సుమారు ఆరు వారాల దాకా, కిడ్నీలు వాచే అవకాశం ఉంటుంది. అది అరుదే. యాంటీబయాటిక్ పుండుని మాన్పుతుంది, పాకకుండా ఆపుతుంది గానీ కిడ్నీ వాపు రానేరాదని హామీ ఇవ్వలేనన్నారు డాక్టరమ్మ. అందుకే ఏం గమనించాలో చెప్పారు: మూత్రం టీ డికాషన్ రంగులో రావడం, మామూలు కంటే తక్కువ రావడం, పొద్దున లేవగానే కళ్ళ చుట్టూ ఉబ్బు.

ఒక్క మచ్చే ఉన్న అమ్మాయికి ముపిరోసిన్ 2 శాతం ఆయింట్‌మెంట్, రోజుకి మూడుసార్లు, అయిదు రోజులు. నాలుగైదు చోట్ల పాకిన చిన్నోడికి పూత చాలదని, బరువు చూసి సెఫలెక్సిన్ సిరప్ ఏడు రోజులు రాశారు. తగ్గినట్టు కనిపించినా ఏడు రోజులూ పట్టించమన్నారు. రెండు మూడు రోజుల్లో మార్పు లేకపోతే మళ్ళీ తీసుకురమ్మన్నారు. మందు మొదలుపెట్టి 48 గంటలు దాటేదాకా బడి వద్దన్నారు.

పక్కు మీద ఆయింట్‌మెంట్ రాస్తే లోపలికి దిగదట. గోరువెచ్చని నీళ్ళలో మెత్తటి గుడ్డ ముంచి, పిండి, పక్కు మీద అయిదు పది నిమిషాలు ఆనించి ఉంచాలి. నానితే మెల్లగా అదే వదులుతుంది. వదలనిదాన్ని గిల్లకూడదు. ఆ తర్వాత సబ్బుతో కడిగి, ఆరనిచ్చి, పల్చగా రాయాలి. రాసే ముందూ తర్వాతా నా చేతులు కడుక్కోవాలి. నేను అమ్మాయి గడ్డం దగ్గర గుడ్డ పట్టుకుని కథ చెబుతూ కూర్చునేదాన్ని. చిన్నోడికీ అలాగే నానబెట్టి శుభ్రం చేశాను. గుడ్డ ఎత్తితే మెత్తబడిన పసుపు పొర దానికే అంటుకుని వచ్చేది. మూడో రోజున కింద చర్మం తడిగా లేదు, గులాబీ రంగులో పొడిగా ఉంది. పక్కు మళ్ళీ కట్టలేదు. ఇద్దరి గోళ్ళూ కత్తిరించాను, తువ్వాళ్ళు వేరు చేశాను, దిండు గలీబులు వేడినీళ్ళలో ఉతికాను.

ఏడో రోజుకి పుండ్లు పోయాయి, లేత మచ్చలు మిగిలాయి. నా భయం మాత్రం మూత్రం మీదే. బాత్‌రూమ్‌లో ఒక తెల్ల ప్లాస్టిక్ మగ్గు పెట్టి, రోజూ పొద్దున చిన్నోడిని అందులోనే పొయ్యమని, కిటికీ వెలుతురులో పట్టి చూసేదాన్ని. పదకొండో రోజున కళ్ళు ఉబ్బినట్టు అనిపించాయి. ముందు రాత్రి ఏడ్చి పడుకున్నాడు, బహుశా అందుకే. అయినా ఆగలేక తీసుకెళ్ళాను. డాక్టరమ్మ బీపీ చూసి, మూత్రం పరీక్ష చేయించారు. రక్తం లేదు, ప్రొటీన్ లేదు. "భయపడినందుకు ఏం కాదు, రావడమే మంచిది" అన్నారు.

ఆరు వారాలు నిండిన తర్వాత మగ్గు తీసేశాను. మొన్న మళ్ళీ జలుబు చేసింది వాడికి. ఇప్పుడు జేబులో మెత్తటి గుడ్డ పెడుతున్నాను, తుడవకుండా అద్దుకోవడం నేర్పుతున్నాను, పడుకునే ముందు ముక్కు కింద కాస్త వాజిలీన్ రాస్తున్నాను.