హైదరాబాద్ బోరుకు ఒకటి, గోదావరి కాలువకు ఒకటి: వాటర్ ఫిల్టర్ ఎంపికలో నా అనుభవం

ప్యూరిఫయర్ అమ్మడానికి మా ఫ్లాటుకు వచ్చిన కుర్రాడు రెండు గ్లాసులు అడిగాడు. ఒకదాంట్లో మా కుళాయి నీళ్లు, ఇంకోదాంట్లో తను తెచ్చిన ఆర్‌ఓ నీళ్లు పోసి, కరెంటు తీగకు తగిలించిన ఇనప కడ్డీలు రెంటిలోనూ ముంచాడు. నిమిషంలో మా నీళ్లు తుప్పు రంగుకు తిరిగి మడ్డి కట్టాయి. ఆర్‌ఓ నీళ్లు తేటగా ఉన్నాయి. "చూశారా మేడం, మీరు తాగేది ఇదే" అన్నాడు మా ఆవిడతో. వంటింట్లోంచి చిటికెడు ఉప్పు తెచ్చి అతని ఆర్‌ఓ గ్లాసులో వేసి, మళ్లీ కడ్డీలు ముంచమన్నాను. అవీ ఎర్రబడ్డాయి. ఆ మురికి నీళ్లలోది కాదు, కడ్డీలదే. నీళ్లలో లవణాలుంటే కరెంటు పారుతుంది, పారితే ఇనుము కరిగి తుప్పుగా తేలుతుంది. ఆర్‌ఓ నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు కనుక కరెంటు పారదు, అంతే. కుర్రాడు నవ్వేసి కార్డు ఇచ్చి వెళ్లాడు.

అప్పటికే రెండు ఇళ్లకు ఫిల్టర్ చూస్తున్నాను. ఒకటి హైదరాబాద్‌లో మా ఫ్లాటు, ఇంకోటి పశ్చిమ గోదావరిలో అమ్మానాన్నలు ఉండే ఇల్లు. రెండుచోట్లా ఒకే మిషను పెట్టేద్దామని మా ఆవిడ అంది, సర్వీసు వాడూ ఒకడే ఉంటాడని. కానీ ఆ నీళ్లకూ ఈ నీళ్లకూ పోలికే లేదు.

మా అపార్ట్‌మెంట్‌లో సంపు ఒకటే. మునిసిపల్ నీళ్లు, బోరు నీళ్లు, వేసవిలో ట్యాంకరు నీళ్లు అన్నీ అందులోకే వస్తాయి. ట్యాంకరు తెచ్చేదీ ఎవరిదో బోరే. చూడటానికి నీళ్లు అద్దంలా ఉంటాయి. కానీ బకెట్ అంచున తెల్లగా సున్నం, షవరు రంధ్రాలు మూసుకుపోవడం, కందిపప్పు ఎంతకీ ఉడకకపోవడం. టీడీఎస్ మీటరు ఏప్రిల్‌లో 1100 చూపించింది. ఈ మీటరు కొలిచేది నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో మాత్రమే. దాన్నిబట్టి కరిగిన లవణాల లెక్క వేసి చూపిస్తుంది. ఆ లవణాలు ఏమిటో, క్రిములున్నాయో లేదో దానికి తెలియదు.

కాఠిన్యానికి చుక్కల కిట్ కొన్నాను. కొలిచిన నీళ్లలో ఒక ద్రావణం, ఒక పొడి వేస్తే ద్రాక్షరసం రంగు వస్తుంది. తర్వాత ఇంకో సీసాలోంచి ఒక్కో చుక్క వేస్తూ తిప్పుతూ పోవాలి. రంగు ఉన్నట్టుండి నీలంగా మారిన చోట ఆపి చుక్కలు లెక్కపెట్టాలి. నా కిట్‌లో చుక్కకు 25. ఇరవై ఒకటో చుక్కకు నీలం వచ్చింది, అంటే లీటరుకు 525 మిల్లీగ్రాములు. బీఐఎస్ తాగునీటి ప్రమాణం ప్రకారం కాఠిన్యం 200 లోపు ఉండాలి. వేరే నీటి వనరు లేకపోతే 600 వరకు ఒప్పుకుంటారు. టీడీఎస్‌కు ఆ రెండు హద్దులూ 500, 2000. అంటే మా నీళ్లు రుచికి బాగోవు గానీ ఈ రెండు అంకెల్ని చూసి విషం అనలేం.

ఆర్‌ఓ వైపు నన్ను నెట్టింది ల్యాబ్ రిపోర్టులోని వేరే వరస: నైట్రేట్ 62. దీని హద్దు 45, ఇందులో సడలింపు లేదు. ఊరు కమ్ముకున్నచోట సెప్టిక్ ట్యాంకుల ఊట బోర్లలోకి దిగితే నైట్రేట్ ఇలా పెరుగుతుంది. పసిపిల్లలకు మరీ ప్రమాదం. నీళ్లు కాచితే ఇది పోదు సరికదా, ఆవిరైనకొద్దీ చిక్కబడుతుంది. యూవీ దీపం క్రిముల్ని చంపుతుంది గానీ కరిగిన దాన్ని ముట్టుకోదు. గ్రావిటీ ఫిల్టర్ క్యాండిలయినా, సన్నగొట్టాల యూఎఫ్ అయినా, కరిగిన ఉప్పును దాటనిచ్చేస్తుంది. మేం చూసిన ఈ మూడు రకాల్లో నైట్రేట్‌నూ కాఠిన్యాన్నీ తగ్గించేది ఆర్‌ఓ ఒక్కటే.

సరే ఆర్‌ఓ అనుకున్నాక అసలు బేరం మొదలైంది. ఆర్‌ఓలో ఉప్పును ఆపే పలచటి పొరే మెంబ్రేన్, దాన్ని దాటి వచ్చిన నీళ్ల టీడీఎస్ 60. ఇంత చప్పగా వద్దనిపిస్తే, కొన్ని మామూలు నీళ్లు పక్క దారిలో తెచ్చి కలిపే చిన్న మర ఉంటుంది. దీన్ని టెక్నీషియన్లు ఎడాపెడా తిప్పేస్తారు. మేం 200 అనుకున్నాం. 60కి 1100 కలిపి 200 రావాలంటే పక్క దారి నీళ్లు ఏడో వంతు కలవాలి. అప్పుడు నైట్రేట్ ఎంతవుతుంది? మెంబ్రేన్ దాటిన నీళ్లలో సుమారు 10, పక్క దారి నీళ్లలో 62. ఆ పాళ్లలో కలిస్తే 17 దాకా వస్తుంది. పరవాలేదు. అదే ఫ్లోరైడ్ ఎక్కువున్న నల్గొండ వైపు బోరయితే ఈ మర తిప్పేముందు ఫ్లోరైడ్‌కు ఇదే లెక్క వేసుకోవాలి. తీసేసిన ఫ్లోరైడ్‌ను మనమే మళ్లీ కలుపుకుంటున్నాం మరి.

ఇంకోటి ఎవరూ చెప్పరు. ఆ పక్క దారి నీళ్లు మెంబ్రేన్ దాటవు, అందులో క్రిములుంటే అలాగే వస్తాయి. కాబట్టి యూవీ దీపం కలిసే చోటు దాటాక ఉండాలి, లేదా పక్క దారి నీళ్లు యూవీ గుండా వచ్చి కలవాలి. మూత తీయించి పైపుల్ని వేలితో పట్టుకుని చూపించమన్నాను. టెక్నీషియన్ విసుక్కోలేదు, "ఇంతవరకు ఎవరూ అడగలేదు సార్" అన్నాడు.

పారేసే నీళ్ల సంగతి. మా మిషను లీటరు మంచినీళ్లిస్తే దాదాపు మూడు లీటర్లు వదిలేస్తుంది. లోపలికి వెళ్లిన నాలుగు లీటర్ల ఉప్పంతా ఆ మూడింట్లోకే చేరుతుంది, కాబట్టి వాటి టీడీఎస్ 1450 దగ్గర ఉంటుంది. మేం డ్రమ్ములో పట్టి బాత్రూం కడగడానికి, ఇల్లు తుడవడానికి వాడుతున్నాం. కుండీల్లో పోయవద్దని మా ఆవిడకు చెప్పాను. కరివేపాకు చెట్టుకు ఆ ఉప్పు పడదు.

ఇంత కాఠిన్యంలో మెంబ్రేన్‌కు సున్నం పట్టడం ఖాయం. పాడైనప్పుడు అది రెండు రకాలుగా చెబుతుంది. ట్యాంకు నిండటం నెమ్మదించి, టీడీఎస్ మాత్రం మారకపోతే సున్నమో, దాని ముందు మట్టిని పట్టే కార్ట్రిడ్జ్ మూసుకుపోవడమో. ధార బాగానే ఉండి 60 కాస్తా 150 వైపు పాకితే మెంబ్రేన్ చిరిగినట్టో, అరిగినట్టో. చలికాలంలో నీళ్లు చల్లబడి ధార కాస్త తగ్గుతుంది, దానికి కంగారుపడి మెంబ్రేన్ మార్చనక్కర్లేదు. అన్నట్టు, ఈ కొలతకు కలిపే మర మూసి మెంబ్రేన్ నీళ్లే పట్టాలి.

ఇక ఊరి సంగతి. డెల్టాలో మా ఊళ్లో గోదావరి కాలువ నీళ్లను మంచినీళ్ల చెరువులో నింపుకుని, ఇసుక ఫిల్టర్ మీదుగా ట్యాంకెక్కిస్తారు. టీడీఎస్ 180, కాఠిన్యం నాలుగు చుక్కలు, అంటే 100. మా ఫ్లాటు వాళ్లు చూస్తే కుళ్లుకునే నీళ్లు. కానీ జూలై, ఆగస్టులో ఎర్రనీరు దిగితే ఇసుక ఫిల్టరు తట్టుకోలేక కుళాయిలో టీ రంగు నీళ్లు వస్తాయి. మసకకు ప్రమాణం 1 ఎన్‌టీయూ, వేరే దారి లేకపోతే 5. మనిషి కంటికి మసక తెలిసేదే దాదాపు 5 దగ్గర. అంటే టీ రంగు కనబడిందంటే హద్దు దాటి చాలా దూరం వెళ్లినట్టు.

ఆ ఇంట్లో ఆర్‌ఓ పెడితే 180ని 15కి దించుతుంది. తీయాల్సిన ఉప్పేమీ లేనిచోట మూడు వంతుల నీళ్లు పారబోయడం ఎందుకు? పైగా ఆ బురద ముందున్న కార్ట్రిడ్జ్‌ను ఇట్టే నింపేస్తుంది. టీడీఎస్ 500 లోపున్నచోట ఆర్‌ఓ వద్దని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో చెప్పింది కూడా ఈ వృథా గురించే. యూవీ మాట నాన్న ఎత్తారు. దాని కిరణం నీళ్లగుండా వెళ్లి క్రిమికి తగలాలి. మట్టి రేణువు చాటున ఉన్న క్రిమి బతికిపోతుంది. నీలం దీపం వెలుగుతూనే ఉంటుంది, మనం నమ్మి తాగేస్తాం. గాలివాన వస్తే మా ఊళ్లో కరెంటూ ఉండదు, సరిగ్గా నీళ్లు చెడేది కూడా అప్పుడే.

మిగిలింది కరెంటు అక్కర్లేని గ్రావిటీ ఫిల్టర్. కానీ ఎర్రనీరు నేరుగా పోస్తే అదీ పూడిపోతుంది. ముందు తేరుకోవాలి. అమ్మ దగ్గర చిల్లగింజలున్నాయి, రాతి మీద గంధంలా అరగదీసి బిందెలో కలుపుతుంది. పనిచేస్తుంది గానీ రోజూ రెండు బిందెలకు చేతులు నొప్పి. పటిక పాళ్లు తేల్చుకుందామన్నాను. పది గ్రాముల పటిక లీటరు నీళ్లలో కరిగిస్తే, ఆ ద్రావణం ఒక మిల్లీలీటరు లీటరు నీళ్లకు 10 మిల్లీగ్రాములు ఇస్తుంది. నాలుగు గాజు సీసాల్లో లీటరు చొప్పున ఎర్రనీళ్లు పోసి, మందుసీసాతో వచ్చే కొలత మూతతో ఒకటి, రెండు, మూడు, ఐదు మిల్లీలీటర్లు కలిపాం. నిమిషం గబగబా, తర్వాత పది నిమిషాలు మెల్లగా తిప్పాం. మెల్లగా తిప్పడమే కీలకం. పొట్టులాంటి ముద్దలు కట్టేది అప్పుడే, గట్టిగా తిప్పితే అవి విరిగిపోతాయి. గంటకు ఒకటి, రెండు ఉన్న సీసాలు మసకగానే ఉన్నాయి. మూడుదీ ఐదుదీ ఒకేలా తేరాయి. నాన్న వెనక న్యూస్‌పేపరు పెట్టి చిన్నక్షరాలు చదివి చూశారు. తేడా లేనప్పుడు తక్కువదే చాలు. ఇరవై లీటర్ల బిందెకు 60 మిల్లీలీటర్లు. అమ్మ స్టీలు గ్లాసు మీద గీత పెట్టుకుంది. వరద ఉద్ధృతిని బట్టి ఈ పాళ్లు మారతాయి, నీళ్ల రంగు మారినప్పుడల్లా సీసాలు మళ్లీ పెడుతోంది.

పైనుంచి తేట మాత్రం వంచి యూఎఫ్ ఉన్న గ్రావిటీ ఫిల్టర్లో పోస్తారు. యూఎఫ్ బాక్టీరియాను ఆపుతుంది, వైరస్‌ల విషయంలో అంత నమ్మకం పెట్టుకోలేం. అందుకని వరద రోజుల్లో కిందిగది నీళ్లలో క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగుతారు. వాసన వస్తోందని నాన్న గొణుగుతారు, ఆ నీళ్లతో కాఫీ బాగోదట. కాఫీకి కాచిన నీళ్లు వేరే పెడుతుంది అమ్మ.

వేసవిలో ఈ ఫిల్టర్‌కు వేరే కష్టం. కాలువలు కట్టేశాక చెరువులో నిలవ నీళ్లకు పచ్చ నాచు పడుతుంది. దానికి మట్టిలా బరువు లేదు, పటిక వేసినా సగం తేలుతుంది. పై గదిలో ఉతికే బట్ట వడకట్టు ఒకటి ఉంటుంది, అప్పుడు దాన్ని రోజూ తీసి కడగాలి. లేకపోతే కిందికి దిగే ధార చుక్కలుగా మారుతుంది.