టీ ఒలికిన సంగతి ఎందుకు రాయలేదు?

"టీ ఒలికిన సంగతి ఎందుకు రాయలేదు?" అని అడిగాడు, నా ప్రకటన చూసి పాత ల్యాప్‌టాప్ కొనడానికి వచ్చిన పెద్దాయన.

ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో మా వంటింటి బల్ల మీద ఆ ల్యాప్‌టాప్ బోర్లా పడి ఉంది. ఆయనే వెనక మూత ఊడదీశాడు, ముందు బ్యాటరీ కనెక్టర్ పీకేశాడు, చిన్న టార్చి వేసి స్క్రూడ్రైవర్ మొనతో చూపించాడు. కీబోర్డు రిబ్బను బోర్డులో దిగే చోట, తోమని రాగి చెంబుకి పట్టినట్టు పచ్చటి చిలుము. దాని చుట్టూ గోధుమరంగు మరక. మాది అల్లం టీ. వాసన పోయినా రంగు పోలేదు.

దాచలేదండీ. రాయలేదు, అంతే. ఈ రెంటికీ తేడా ఉందని ఆ రోజు గట్టిగా నమ్మాను. టీ ఒలికిన రోజు బోర్లించి రెండు రోజులు ఆరబెడితే ల్యాప్‌టాప్ మామూలుగానే లేచింది. మూడు వారాలు పనిచేసి, ఒక రోజు నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి నొక్కితే లేవలేదు. నా లెక్కలో టీ కథ ఎప్పుడో ముగిసింది, ఇది వేరే జబ్బు. పెద్దాయన లెక్క వేరు. నీళ్ళు ఆరిపోతాయి, పాలూ చక్కెరా ఎక్కడికీ పోవు, ఆ జిగట మీద కరెంటు పారుతూ ఉంటే లోహం రోజుకింత తినేసుకుంటూ పోతుంది అన్నాడు. మూడు వారాలు పనిచేయడం బాగైపోయిందనడానికి గుర్తు కాదట.

నేను ప్రకటనలో రాసింది ఇంతే: "ల్యాప్‌టాప్ ఆన్ కావడం లేదు. పవర్ సమస్య అయి ఉండొచ్చు, తేలిక రిపేరు. స్పేర్స్ ఆర్ రిపేర్. వాపసు లేదు. 60 పౌండ్లు." అది చదివి ఆయన డెర్బీ నుంచి రైలెక్కి వచ్చాడు. ఆయన దగ్గర ఇదే మోడల్ ఇంకొకటి ఉందట, దానికి తెరా కీబోర్డూ అన్నీ బాగున్నాయి, బోర్డు ఒక్కటే చచ్చింది. "పవర్ సమస్య, తేలిక" అంటే ఛార్జర్ గుచ్చే జాక్ వదులైందనుకున్నాడు, బోర్డు బాగుంటుందని ఆశపడ్డాడు. నేను వదిలేసిన ఆ ఒక్క ముక్కే ఆయనకి కావలసింది.

ఆయన కేకలు వేయలేదు. వేసుంటే బాగుండేది, తిరిగి నేనూ ఓ మాట అనేవాణ్ణి. "టీ పడిందని రాస్తే రైలు టికెట్ మిగిలేది" అని మాత్రం అన్నాడు.

ఆ రాత్రి గోడౌన్‌లో పెట్టెలు స్కాన్ చేస్తూ ఒకటే కుతకుత. అరవై పౌండ్లకి అమ్మే చచ్చిన సరుక్కి జాతకం రాయాలా? మా ఊళ్ళో పాత సైకిల్ అమ్మితే కొనేవాడే చక్రం తిప్పి చూసుకుంటాడు, చైను లాగి చూసుకుంటాడు, వంద తగ్గించమంటాడు. చూసుకోవడం కొనేవాడి పని. ఇక్కడ కొనేవాడు ముప్పై మైళ్ళ అవతల తెర ముందు కూర్చుని ఉంటాడు, అతనికి నా నాలుగు ముక్కలే చక్రమూ చైనూ. ఈ సంగతి ఒప్పుకోవడానికి నాకు రెండు షిఫ్టులు పట్టింది.

ఇంకో సంగతి కూడా ఆయన వల్లే తెలిసింది. ఆ దేశంలో నాలాంటి మామూలు మనిషి పాత వస్తువు అమ్మితే అది మంచి నాణ్యతలో ఉండాలన్న నియమం లేదు, కానీ వర్ణించినట్టు ఉండి తీరాలి. ఈబేలో `For parts or not working` అని పెట్టి "వాపసు లేదు" అని రాసినా అంతే. వచ్చిన వస్తువు రాసినదానికి తేడాగా ఉంటే కొన్నవాడి డబ్బు వెనక్కి పోతుంది. ఉన్నది ఉన్నట్టు అన్న మాట మనకి గొడుగే, కానీ ఏది ఉన్నదో రాసినంత మేరకే.

ఆ రోజు పెద్దాయన టీ తాగి పోతాడనుకున్నాను. (అవును, అదే అల్లం టీ ఇచ్చాను, తాగాడు.) పోలేదు. కాగితం అడిగి, "రండి, దీన్ని సరిగ్గా రాద్దాం" అన్నాడు. కొనని వస్తువుకి ఆయన ప్రకటన రాసిపెట్టడమేమిటో నాకు ఈనాటికీ అర్థం కాదు.

మొదటగా "తేలిక రిపేరు" కొట్టేశాడు. తేలికైతే మీరే చేసి రెండింతలకి అమ్మేవారు కదా అన్నాడు. నాకు నోటమాట రాలేదు. తర్వాత "పవర్ సమస్య అయి ఉండొచ్చు" కొట్టేశాడు. అది రోగం పేరు, ఆ పేరు పెట్టే చదువు మీకూ లేదు, బోర్డు మీద మీటరు పెట్టేదాకా నాకూ లేదు అన్నాడు. నొక్కితే కంటికీ చెవికీ ఏం తెలుస్తుందో అది రాయమన్నాడు. నొక్కి చూశాం. పవర్ దీపం వెలుగుతుంది, ఫ్యాను రెండు మూడు సెకన్లు తిరిగి ఆగుతుంది, తెర నల్లగానే ఉంటుంది. ఈ ఒక్క వాక్యం చాలట. దీపం కూడా వెలగని బోర్డుకీ, ఫ్యాను తిరిగి ఆగే బోర్డుకీ తేడా రిపేరు చేసేవాడికి వెంటనే తెలుస్తుంది.

ఏమేం ప్రయత్నించామో ఆ తర్వాత. ఛార్జర్ మొనలో మల్టీమీటర్ పెడితే 19.6 వోల్టులు చూపించింది, దాని మీద అచ్చువేసింది 19.5, అంటే ఛార్జర్ నిర్దోషి. బ్యాటరీ తీసేసి, పవర్ బటన్ ముప్పై సెకన్లు నొక్కిపట్టి, ఛార్జర్ మీద మాత్రమే చూశాం, మార్పు లేదు. హెచ్‌డీఎంఐ తీగతో టీవీకి కలిపాం, బొమ్మ రాలేదు. మా రూమ్మేట్ ల్యాప్‌టాప్‌లో నా 8 జీబీ ర్యామ్ పెడితే అది లేచింది. అదీ రాశాం.

నేను చేసిన పెద్ద తప్పు ఆ తర్వాతే తెలిసింది. పనిచేయనిదేదో రాసి ఊరుకున్నాను. స్పేర్ల కోసం వచ్చేవాడు కొనేది పనిచేసేవాటిని! పాడైన బోర్డు గురించి ఎంత జాగ్రత్తగా రాస్తామో, తెర గురించీ మూత గురించీ అంత జాగ్రత్తగానూ రాయాలి. అక్కడ ఇంకో చిక్కు ఉంది. ల్యాప్‌టాప్ లేవకపోతే తెర బాగుందని ఎలా అంటాం? "తెర బాగుంది" అని రాయబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగిపోయే రోజు వరకు తెర బాగా పనిచేసింది, పగులు లేదు, ఇప్పుడు పరీక్షించే వీలు లేదు" అని రాయించాడు. "పరీక్షించలేదు" అన్న మాట ఊరికే వదిలేస్తే, పరీక్షించి చూసి చెప్పడం లేదని చదివేవాళ్ళు అనుకుంటారట. ఎందుకు వీలు కాలేదో పక్కనే ఉంటే ఆ అనుమానం రాదు.

చివరికి ప్రకటన ఇలా తయారైంది: "విడిభాగాలకి, లేదా రిపేరుకి. ఈ ఏడాది కీబోర్డు మీద పాల టీ ఒలికింది, మూడు వారాల తర్వాత ఆగిపోయింది. దీపం వెలుగుతుంది, ఫ్యాను రెండు మూడు సెకన్లు తిరిగి ఆగుతుంది, తెర నలుపు. కీబోర్డు కనెక్టర్ దగ్గర చిలుము ఉంది, నాలుగో ఫొటో చూడండి. బోర్డు పనికొస్తుందని అనుకోవద్దు. ఛార్జరూ ర్యామూ పరీక్షించాం, బాగున్నాయి. ఆగిపోయే రోజు వరకు తెర బాగా పనిచేసింది, పగులు లేదు, ఇప్పుడు పరీక్షించే వీలు లేదు. బ్యాటరీ ఉబ్బలేదు. స్టోరేజ్ డ్రైవ్ తీసేశాను, ఇవ్వను. పాస్‌వర్డ్ లాక్ ఎప్పుడూ పెట్టలేదు." ధర అరవై నుంచి నలభైకి దించాం. బ్యాటరీ ఉబ్బి ఉంటే ఏం చేసేవాళ్ళమని అడిగాను. అప్పుడు పోస్టులో పంపకూడదు, పాడైన లిథియం బ్యాటరీలు వాళ్ళు తీసుకోరు, బ్యాటరీ లేకుండా అమ్మాలి అన్నాడు.

రెండు రోజుల్లో పోయింది. తెర కోసం ఎవరో కొన్నారు. ఒక్క ప్రశ్న అడగలేదు.

ఇదంతా చదివి తెల్లవాళ్ళకి నిజాయితీ ఉంది, మనకి లేదు అని ఎవరైనా తీర్పు చెబితే మాత్రం ఊరుకోను. మాది పలాస. మా అమ్మ ఇరవై ఏళ్ళు జీడిపప్పు బట్టీలో పప్పు ఏరింది. గుళ్ళు ఒక గుట్ట, బద్దలు ఒక గుట్ట, ముక్కలు ఒక గుట్ట, వేపుడులో మాడి రంగు తిరిగినవి ఇంకో గుట్ట. 320 రకం అంటే పౌనుకి, అంటే దాదాపు 454 గ్రాములకి, 300 నుంచి 320 గుళ్ళు తూగాలి. ముక్కని ముక్క అనే అమ్ముతారు, స్వీటు షాపువాడు ముక్క అని తెలిసే కొంటాడు, ఇందులో ఎవరికీ సిగ్గు లేదు. ఫోన్లో ఈ ల్యాప్‌టాప్ భాగోతం చెబితే అమ్మ అంది, "మాడిన పప్పు తెల్లపప్పులో కలిపేస్తే మేస్త్రీ ఊరుకుంటాడేటిరా నాయినా? నువ్వు కలిపేసేవన్నమాట." ఆ పెద్దాయన నాలుగు గంటలు కూర్చుని చెప్పింది అమ్మ రెండు ముక్కల్లో తేల్చేసింది. నాకు కొంచెం రోషం కూడా వచ్చింది.

మొన్న సెలవుకి వచ్చినప్పుడు మా తమ్ముడు 43 అంగుళాల టీవీ అమ్మకానికి పెట్టాడు. "చిన్న రిపేర్, 4000" అని ఒక ఫొటో. శబ్దం వస్తోంది, బొమ్మ లేదు. నాకు చెయ్యి ఊరుకోలేదు. గది చీకటి చేసి, టీవీ ఆన్ చేసి, సెల్ టార్చి తెరకి దగ్గరగా ఏటవాలుగా పట్టాం. వెలుగు పడ్డ చోట మసకమసకగా న్యూస్ చదివే అమ్మాయి కనిపించింది. అంటే ప్యానెల్ బొమ్మ గీస్తూనే ఉంది, వెనక వెలుగే పోయింది. పోయింది ఎల్‌ఈడీ పట్టీలా, వాటికి కరెంటిచ్చే బోర్డా అన్నది మనకి తెలియదు కాబట్టి రాయలేదు. ప్యానెల్‌కి పగులు లేదని, టార్చి వేస్తే బొమ్మ కనిపిస్తుందని, రిమోటూ స్టాండూ ఉన్నాయని రాశాం. టార్చి ఫొటో పెట్టాం. 2500 అన్నాం.

సాయంత్రానికి కాశీబుగ్గ నుంచి ఒక మెకానిక్ ఫోను. "ఇంత వివరంగా రాసేరంటే అసలుది ఇంకేటో దాచేరు కదా బాబూ?"

దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. లెస్టర్‌లో నమ్మకం తెచ్చిన ఆ రాతే ఇక్కడ అనుమానం తెచ్చింది. "వచ్చి చూసుకోండి" అన్నాను. వచ్చాడు, తన టార్చి తానే వేసుకున్నాడు, అంచులు తడిమాడు, ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టాడు. పావుగంట తర్వాత 2300కి బేరం కుదిరింది. బండి వెనక తాళ్ళతో కట్టేస్తుంటే నాకు గుర్తొచ్చింది, స్టాండుకి నాలుగు స్క్రూలుండాలి, మూడే ఉన్నాయి. అరిచి చెప్పేశాను.

తమ్ముడు తల పట్టుకున్నాడు. మెకానిక్ తాడు వదిలేసి నావైపు తిరిగి, "అదీ, సెప్పేను కదా ఏదో ఉంటాదని" అని యాభై వెనక్కి అడిగి పుచ్చుకున్నాడు.