"మాకు మనిషున్నాడు భాయ్"

దుబాయ్‌లో ఏసీ మెయింటెనెన్స్ కాంట్రాక్టులు అమ్మడం నా పని. కరామా, సత్వా, దేరా సందుల్లో హోటళ్ళు, సెలూన్లు తిరుగుతుంటాను. పదిహేను గడపలు ఎక్కితే పన్నెండు చోట్ల మూడు మాటలే వినిపిస్తాయి. రేటు ఎక్కువ, వాట్సాప్‌లో డీటెయిల్స్ పెట్టు, మాకు మనిషున్నాడు. జగిత్యాల నుంచి వచ్చిన కొత్తలో మూడింటికీ "ఇక వెళ్ళు" అనే ఒక్క అర్థమే అనుకునేవాణ్ణి.

మొదటి ఏడాది ఒక హోటల్లో ఆరు స్ప్లిట్ ఏసీలకు ఏడాదికి 3,600 దిర్హాములు చెప్పాను. మేనేజర్ "ఎక్కువ" అన్నాడో లేదో, 3,000కి దిగిపోయాను. ఆయన నావైపు తేరిపార చూసి, "ఒక్క మాటకే ఆరొందలు తగ్గించావంటే, నేను ఊరుకుంటే అవి నా జేబులోంచి కొట్టేసేవాడివే కదా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి "ఎక్కువ" అన్న మాట వినగానే రేటు ముట్టుకోను. "దేంతో పోలిస్తే ఎక్కువ సార్?" అని అడిగి ఊరుకుంటాను. ఆ ఊరుకోవడమే కష్టం. నోరు దురద పెడుతుంది.

డీటెయిల్స్ పెట్టమనేవాళ్ళలో చాలామంది మర్యాదస్తులు. మొహం మీద వద్దనలేక అంటారు. నేనేమో పన్నెండు పేజీల బ్రోచర్ పంపి, నీలం టిక్కుల కోసం రాత్రి రూమ్‌లో ఫోన్ చూసుకుంటూ కూర్చునేవాణ్ణి. ఇప్పుడు "తప్పకుండా పెడతాను. ఏసీలు ఎన్ని, ఇప్పుడున్న కాంట్రాక్ట్ ఏ నెలలో అయిపోతుంది? దాన్నిబట్టి రాసి పెడతాను" అంటాను. అవసరం ఉన్నవాడు నెల చెప్తాడు. లేనివాడు "ముందు పెట్టు" అంటాడు. అతనికి నాలుగు వాక్యాలు పంపి మర్చిపోతాను.

అసలు చిక్కు మూడో మాటతోనే. ఒక సెలూన్లో ఏసీ కింద బకెట్ పెట్టి ఉంది, అందులో టప్ టప్‌మని నీళ్ళు పడుతున్నాయి. ఓనర్ "మాకు మనిషున్నాడు" అనగానే నేను బకెట్ చూపించి నవ్వాను. ఆ మనిషి ఓనర్ బావమరిదట. టీ కూడా సగంలో వదిలి బయటికి రావాల్సి వచ్చింది. బావమరిది కాకపోయినా తప్పు నాదే. ఆ మనిషిని పెట్టుకున్నది ఓనరే కాబట్టి, అతన్ని వెక్కిరిస్తే ఓనర్ని వెక్కిరించినట్టే.

తర్వాత కరామాలో ఒక మలయాళీ హోటల్‌కు వెళ్ళాను. మధ్యాహ్నం భోజనాల రద్దీ తగ్గాక, మూడున్నరకు. మేనేజర్ "ఉన్నాడు, 2,400కే చేస్తున్నాడు" అన్నాడు. అంటే రెండు మాటలూ ఒకేసారి. "మంచి రేటే సార్. అతని పనిలో మీకు బాగా నచ్చేదేంటి?" అన్నాను. "ఫోన్ చేస్తే వస్తాడు." "పోయిన ఎండాకాలం ఎన్నిసార్లు రావాల్సి వచ్చింది?" ఆయన క్యాషియర్ వైపు చూశాడు. క్యాషియర్ డ్రాయర్ లోంచి బిల్లుల కట్ట తీశాడు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఐదుసార్లు, వచ్చినప్పుడల్లా 150. గ్యాస్ రెండుసార్లు, 250 చొప్పున. అన్నీ కలిపితే 3,650.

లెక్క నేను చెయ్యలేదు, క్యాలిక్యులేటర్ ఆయన ముందుకు జరిపానంతే. నేను చెప్పిన అంకెను ఆయన అనుమానిస్తాడు. తను నొక్కిన అంకెతో పేచీ ఉండదు.

గ్యాస్ గురించి మాత్రం ఒక మాట చెప్పాను. ఏసీలో గ్యాస్ పెట్రోల్ లాగా వాడితే అయిపోయేది కాదు. ఒకే ఏసీకి ఒకే సీజన్‌లో రెండుసార్లు నింపారంటే ఎక్కడో లీకుంది, దాన్ని వెతక్కుండా నింపుతున్నారు. రెండు బిల్లులూ ఫ్యామిలీ హాల్లోని ఒకే ఏసీవి. మా ఏడాది రేటు 3,600లో ఫోన్ చేసినప్పుడు రావడం, గ్యాస్ కలిసే ఉంటాయని, కంప్రెసర్ పోతే మాత్రం డబ్బు వేరే అని కూడా చెప్పాను. లేనిది నేనే ముందు చెప్తే, ఉన్నదాన్ని నమ్ముతారు.

కాంట్రాక్ట్ ఇస్తాడనుకున్నారా? ఇవ్వలేదు. పాతది నవంబర్ దాకా ఉంది, మధ్యలో తెంపితే డబ్బు పోతుంది. అది నిజమైన అడ్డంకి, దాన్ని మాటలతో జయించాలని చూస్తే మనిషి దూరమవుతాడు. "ఆ ఒక్క ఏసీలో లీకెక్కడుందో చూడనివ్వండి, అంతవరకే డబ్బు తీసుకుంటాను" అన్నాను. ఒప్పుకున్నాడు. మా టెక్నీషియన్ సబ్బు నురుగు పూస్తే, బయటి యూనిట్ దగ్గర రాగి పైపు జాయింట్‌లో బుడగలు లేచాయి. మేనేజర్ వాటిని ఫోన్‌లో వీడియో తీసుకున్నాడు.

నా డైరీలో సెప్టెంబర్ రెండో వారం దగ్గర ఆ హోటల్ పేరు రాసి ఉంది. అదీ మూడున్నరకే.